ఒక్క ఎలక్ట్రాన్, ఆరు గీతలు

*ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి ఆరు నెలల కిందట ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో చేరాను. పోయిన వారం సెకండియర్ వాళ్లకి హైడ్రోజన్ శక్తి స్థాయిల పటం గీసి, n = 4 నుంచి ఆరు గీతలు వస్తాయని చెప్పాను. ఒక అబ్బాయి లేచి, "ఉన్నది ఒక్క ఎలక్ట్రానే కదా మేడం, ఆరు గీతలు ఎలా ఇస్తుంది?" అన్నాడు. కంగారులో "ఒకదాని తర్వాత ఒకటి ఇస్తుంది" అనేశాను. వాడు వేళ్ల మీద లెక్కపెట్టి, "మూడే వస్తున్నాయి మేడం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మర్నాడు ల్యాబ్‌లో హైడ్రోజన్ ట్యూబ్ వెలిగిస్తే, పుస్తకంలో నాలుగు రంగు గీతలుంటే మాకు మూడే కనబడ్డాయి. "ఇక్కడా మూడేనా" అని మళ్లీ నవ్వులు. అప్పటి నుంచి ఆ సెక్షన్‌కి వెళ్లాలంటే టెన్షన్. తప్పు ఒప్పుకోమంటారా? ఒప్పుకుంటే ఇక నన్ను లెక్కచేస్తారా? అసలు ఆ ఆరుకీ ఈ మూడుకీ పొంతన ఎక్కడ?*

*— పేరు వద్దు, ఒక జూనియర్ లెక్చరర్*

అమ్మా, ముందు లెక్క తేల్చుకుందాం. ఒప్పుకోవడం సంగతి తర్వాత చూద్దాం.

ఆ అబ్బాయి చెప్పిన మూడూ నిజమే, పుస్తకంలో ఉన్న ఆరూ నిజమే. మూడు అనేది ఒక పరమాణువు సంగతి. ఆరు అనేది ట్యూబ్ నిండా ఉన్న కోటానుకోట్ల పరమాణువుల సంగతి. మీరు కంగారులో ఆ ఆరింటినీ తీసుకెళ్లి ఒకే పరమాణువు నెత్తిన పెట్టారు. జరిగిన పొరపాటు అంతే.

మనం బోర్డు మీద అడ్డగీతలు గీసి, వాటి మధ్య కిందికి బాణాలు వేస్తాం. పిల్లలకి అది ఒక ఎలక్ట్రాన్ తిరిగిన దారిలా కనిపిస్తుంది. నిజానికి ఆ పటం ఎవరు ఎటు వెళ్లారో చెప్పదు, ఏయే గెంతులు వీలవుతాయో మాత్రమే చెబుతుంది. ఈ తేడాని మాటల్లో చెబితే చెవికెక్కదు. అంకెలతో చూపించాలి.

నాలుగు పరమాణువులు తీసుకోండి. నాలుగూ n = 4 లో ఉన్నాయనుకోండి. స్థాయిల శక్తులు మీకు తెలిసినవే: n = 1 దగ్గర −13.6, n = 2 దగ్గర −3.40, n = 3 దగ్గర −1.51, n = 4 దగ్గర −0.85 (ఇక్కడి శక్తులన్నీ ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే). మొదటి పరమాణువు ఒక్కో మెట్టే దిగింది. 4 నుంచి 3కి వచ్చినప్పుడు 0.66, 3 నుంచి 2కి వచ్చినప్పుడు 1.89, 2 నుంచి 1కి వచ్చినప్పుడు 10.20, ఇలా మూడు ఫోటాన్లు ఇచ్చింది. రెండోది 4 నుంచి నేరుగా 2కి దూకి 2.55, అక్కడి నుంచి 1కి దిగి 10.20 ఇచ్చింది. మూడోది 4 నుంచి 3కి వచ్చి 0.66, అక్కడి నుంచి నేరుగా 1కి వెళ్లి 12.09 ఇచ్చింది. నాలుగోది ఒకే గెంతులో అడుగుకి చేరి 12.75 ఇచ్చింది. ఏ పరమాణువు ఇచ్చినవి కూడినా మొత్తం 12.75 వస్తుంది. దిగిన ఎత్తు అందరికీ ఒకటే కాబట్టి అలా రాకతప్పదు.

ఇప్పుడు ఫోటాన్లను లెక్కపెట్టండి. మూడు, రెండు, రెండు, ఒకటి, మొత్తం ఎనిమిది. మరి గీతలు? 0.66 రెండుసార్లు వచ్చింది, 10.20 రెండుసార్లు వచ్చింది. ఒకే శక్తి ఉన్న ఫోటాన్లు వర్ణపటంలో ఒకే చోట పడతాయి. కాబట్టి ఎనిమిది ఫోటాన్లకి గీతలు ఆరే. n(n-1)/2 అనే సూత్రం లెక్కపెట్టేది ఆ ఆరు రకాలనే. ఫోటాన్ల సంఖ్యతో గానీ, ఒక పరమాణువు దిగే మెట్ల సంఖ్యతో గానీ దానికి సంబంధం లేదు.

ఈ నాలుగులో ఏ ఒక్క పరమాణువుని తీసేసినా ఆరు గీతలు రావు. కావాలంటే ఒక్కోదాన్ని కొట్టేసి చూడండి. నాలుగోది లేకపోతే 12.75 గీత పోతుంది, మూడోది లేకపోతే 12.09 పోతుంది. n = 4 నుంచి అడుగుకి ఉన్న దారులే నాలుగు, ఆ నాలుగూ నడిస్తేనే ఆరు గీతలూ పూర్తవుతాయి. "ఆరు గీతలూ కనబడాలంటే కనీసం ఎన్ని పరమాణువులు కావాలి?" అని ఆ సెక్షన్‌కే ప్రశ్న వేయండి. వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన అబ్బాయి దీన్ని వదిలిపెట్టడు.

ఫిజిక్స్ అంటే భయపడే పిల్లలకి నేను బస్సు కథ చెప్పేవాణ్ని. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సు సూర్యాపేటలో, కోదాడలో ఆగుతుందనుకుందాం. నాలుగు స్టాపులకి కండక్టర్ దగ్గర ఎన్ని రకాల టికెట్లు ఉండాలి? హైదరాబాద్ నుంచి మూడు ఊళ్లకి మూడు, సూర్యాపేట నుంచి రెండు, కోదాడ నుంచి ఒకటి, మొత్తం ఆరు. ఒక్క ప్రయాణికుడు ప్రతి స్టాపులోనూ దిగి మళ్లీ ఎక్కినా అతని జేబులో మూడు టికెట్లే ఉంటాయి. ఆరు రకాలూ చెల్లాలంటే బస్సులో జనం ఉండాలి. ఏ టికెట్ ఎక్కువ తెగితే ఆ గీత ఎక్కువ మెరుస్తుంది. గీతలన్నీ ఒకే కాంతితో ఉండకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది, ఆ సంగతి మీ ల్యాబ్ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

మీరు రాయలేదు గానీ, ఒకటి అడుగుతాను. ఆ పటంలో అడ్డగీతల్ని సమాన దూరంలో గీశారా, నిచ్చెన మెట్లలాగా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏళ్ల తరబడి అలాగే గీశాను. ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి, "సార్, 4 నుంచి 2కీ, 3 నుంచి 1కీ బాణం పొడవు ఒకటే ఉంది, మరి ఒకటి కనిపించే రంగు, ఇంకొకటి కనిపించనిది ఎందుకయింది?" అని అడిగింది. నా బొమ్మలో నిజంగానే రెండూ రెండేసి మెట్లు. అంకెల ప్రకారం ఒకటి 2.55, ఇంకొకటి 12.09. బొమ్మే అబద్ధం చెబుతుంటే పిల్లలకి ప్రశ్నలు రాక ఏం చేస్తాయి?

కాబట్టి ఈసారి స్కేలు పెట్టి గీయండి. ఎలక్ట్రాన్ వోల్టుకి 8 సెంటీమీటర్ల చొప్పున తీసుకుంటే అడుగు నుంచి పైదాకా 109 సెంటీమీటర్లు వస్తుంది, మామూలు బోర్డులో పడుతుంది. అడుగున n = 1 గీయండి. n = 2 ఎక్కడ వస్తుందంటే దానికి 81.6 సెంటీమీటర్ల పైన. మోకాలి దగ్గర మొదలుపెట్టిన చేతిని భుజం దాకా ఎత్తాల్సి వస్తుంది. ఆ ఖాళీని చూసి పిల్లలు ముందు నవ్వుతారు, నవ్వనివ్వండి. 2 నుంచి 3కి 15 సెంటీమీటర్లు. 3 నుంచి 4కి 5. 4 నుంచి 5కి రెండున్నర. 5 నుంచి 6కి ఒకటింబావు చిల్లర. ఆ పైన సుద్దముక్క మందానికి గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కిపోతాయి. వాటన్నిటి పైన సున్నా దగ్గర ఒక గీత గీసి ఆపండి, అక్కడికి ఎక్కిన ఎలక్ట్రాన్ పరమాణువుని వదిలి వెళ్లిపోయినట్టే.

ఈ బొమ్మ ముందు నిలబడితే శ్రేణుల పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. బాణం ఎక్కడ మొదలైందో పట్టించుకోకుండా ఎక్కడ దిగిందో చూడాలి. n = 1 మీద దిగేవన్నీ లైమన్ శ్రేణి. అందులో అతి పొట్టి బాణమే 81.6 సెంటీమీటర్లు. n = 2 మీద దిగేవి బామర్ శ్రేణి. అందులో అతి పొడుగు బాణం, అంటే సున్నా గీత నుంచి 2 దాకా వచ్చేది, 27 సెంటీమీటర్లే. అందుకే ఈ రెండు శ్రేణులూ ఎప్పటికీ కలవవు. లైమన్ మొత్తం అతినీలలోహితంలో ఉండిపోతుంది. బామర్‌లో మొదటి గీతలు మన కంటికి అందే చోట పడతాయి.

n = 3 మీద దిగే పాశ్చన్‌లో పొడుగు బాణం 12 సెంటీమీటర్లు, బామర్‌లో పొట్టి బాణం 15. ఇవీ కలవవు, కాకపోతే ఇక్కడ ఎడం సన్నగిల్లింది. ఆ తర్వాత బ్రాకెట్. n = 4 మీద దిగే పొడుగు బాణం 6.8 సెంటీమీటర్లు. పాశ్చన్‌లో పొట్టి బాణమేమో 5.3. ఇక్కడ కలిసిపోయాయి! బ్రాకెట్ శ్రేణి చివరి గీతలు 1458 నానోమీటర్ల దగ్గర చేరుతుంటే పాశ్చన్ మొదటి గీత 1875 దగ్గర ఉంటుంది, అంటే ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి వచ్చేసింది. శ్రేణులన్నీ విడివిడి పెట్టెల్లా ఉంటాయని పుస్తకం బొమ్మ చూసి చాలామంది అనుకుంటారు. ఆ మాట మొదటి మూడింటికే చెల్లుతుంది. స్కేలుతో గీసిన బొమ్మ ఈ సంగతి అడక్కుండానే చెప్పేస్తుంది.

పొట్టి బాణం అంటే తక్కువ శక్తి, తక్కువ శక్తి అంటే పెద్ద తరంగదైర్ఘ్యం. పరీక్షల్లో తలకిందులయ్యేది ఇక్కడే. "బామర్ శ్రేణిలో అతి పెద్ద తరంగదైర్ఘ్యం" అనగానే పెద్ద బాణం వైపు చెయ్యి వెళ్లిపోతుంది. 1240ని ఎలక్ట్రాన్ వోల్టులతో భాగిస్తే నానోమీటర్లు వస్తాయి, ఆ ఒక్కటి గుర్తుంటే చాలు. పొట్టి బాణం 1.89 అయితే 656, అది ఎర్ర గీత. పొడుగు బాణం 3.40 అయితే 365, అది శ్రేణి అవధి.

ఆ 365 దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. బామర్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన పంతులు. 1885లో అరవై ఏళ్ల వయసులో, ఆంగ్‌స్ట్రామ్ కొలిచిన నాలుగు గీతల తరంగదైర్ఘ్యాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. 364.56 అనే ఒక సంఖ్యని 9/5తో, 4/3తో, 25/21తో, 9/8తో గుణిస్తే ఆ నాలుగూ వచ్చేస్తున్నాయని కనిపెట్టాడు. ఆ సంఖ్య ఏమిటో ఆయనకి తెలియదు. అప్పటికి ఎలక్ట్రానే ఎవరికీ తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 1913లో బోర్ స్థాయిల లెక్క వేశాకే అదేమిటో తేలింది. మీ బోర్డు మీద సున్నా నుంచి n = 2 దాకా దిగే 27 సెంటీమీటర్ల బాణమే ఆ సంఖ్య. ఆ నాలుగు భిన్నాల్నీ పిల్లలచేత వేయించండి, కాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల పని. ఆ నాలుగు గీతలే మీ ల్యాబ్‌లో మూడయ్యాయి.

ఇక ల్యాబ్. ముందుగా ఒక విషయం: అక్కడి మూడుకీ, క్లాసులో ఆ అబ్బాయి చెప్పిన మూడుకీ ఏ చుట్టరికమూ లేదు. క్లాసులోది ఒక పరమాణువు 4 నుంచి దిగేటప్పుడు ఇచ్చే ఫోటాన్లు. ల్యాబ్‌లోవి 3, 4, 5 స్థాయిల నుంచి 2కి దిగిన మూడు గీతలు. ఎరుపు 656, నీలాకుపచ్చ 486, నీలి ఊదా 434 నానోమీటర్లు. మీకు అందనిది 6 నుంచి 2కి వచ్చే 410. అంకె కలిసిందని పిల్లలు నవ్వారు, అంతే.

ఆ నాలుగోది ఎందుకు అందలేదంటే రెండు కారణాలు. బస్సు భాషలో చెప్పాలంటే ఆ టికెట్ తక్కువ తెగుతుంది. ఆరో స్థాయి దాకా ఎక్కే పరమాణువులు తక్కువ, వాటిలో నేరుగా రెండుకి దూకేవి ఇంకా తక్కువ. దానికి తోడు 410 దగ్గర మన కన్ను చాలా బలహీనం. పసుపుపచ్చ కాంతికి స్పందించేదాంట్లో వెయ్యో వంతు అటూ ఇటూ మాత్రమే స్పందిస్తుంది. గదిలో ఒక్క కిటికీ రెక్క తెరిచి ఉన్నా ఆ గీత మాయమైపోతుంది.

మీ దగ్గర అంగుళానికి 15,000 గీతల గ్రేటింగ్ ఉంటే, మొదటి క్రమంలో ఎరుపు 22.8 డిగ్రీల దగ్గర, నీలాకుపచ్చ 16.7 దగ్గర, నీలి ఊదా 14.9 దగ్గర వస్తాయి. నాలుగోది 14.0 దగ్గర, అంటే మూడోదాన్ని ఆనుకుని లోపలి వైపు, డిగ్రీ కూడా ఎడం లేకుండా ఉంటుంది. వేరే చోట కనబడినదాన్ని నాలుగోదిగా రాయనివ్వకండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఎరుపుకీ నీలాకుపచ్చకీ మధ్య సన్నటి మసక గీతలు కొన్ని తప్పకుండా కనిపిస్తాయి. అవి పరమాణువులవి కావు, విడిపోకుండా జంటగా మిగిలిన హైడ్రోజన్ అణువులవి. మన పటానికీ వాటికీ సంబంధం లేదు. నాలుగు కావాలన్న తొందరలో పిల్లలు వాటిలో ఒకదాన్ని కలిపేసుకుంటారు. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. ప్రాక్టికల్ పరీక్షల్లో నేను దిద్దిన రికార్డుల్లో నాలుగో గీత కోణం పొల్లుపోకుండా ఉండేది. ట్యూబ్ దగ్గరికి వెళ్లి చూస్తే అంత వెలుతురులో అది ఎవరికీ కనబడే అవకాశమే లేదు. సీనియర్ల రికార్డులో ఉన్నది దించేసేవాళ్లు. మీ పిల్లలు మూడే కనబడ్డాయన్నారు. వాళ్లని చూసి నాకైతే ముచ్చటేసింది.

మరి లైమన్ గీతలు ట్యూబ్‌లో పుట్టవా అని అడుగుతారు. పుడతాయి. 2 నుంచి 1కి దిగే 122 నానోమీటర్ల కాంతి అక్కడ దండిగా ఉంటుంది. ట్యూబ్ గాజే దాన్ని మింగేస్తుంది. గాజు దాటినా గాలి మింగుతుంది. లైమన్ 1906లో దాన్ని పట్టుకోవడానికి పరికరం లోపలి గాలంతా తీసేయాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మీ ముందు మూడు దారులున్నాయి. దేనికుండే ఖరీదు దానికుంది.

ఒకటి, సూటిగా చెప్పేయడం. క్లాసుకి వెళ్లి, "ఆరోజు ఆరు గీతల్నీ ఒకే పరమాణువు ఇస్తుందన్నట్టు చెప్పాను, అది తప్పు" అని ఒక్క వాక్యం చెప్పి, నాలుగు పరమాణువుల లెక్క బోర్డు మీద వేయడం. పావుగంట పడుతుంది. మొదటి నిమిషంలో నవ్వులు రావచ్చు, "మేం చెప్పాం కదా" అనే గొంతు కూడా వినబడవచ్చు. ఎనిమిది ఫోటాన్లు, ఆరు గీతలు అనేసరికి ఆ గొంతు ఆగుతుంది, ఎందుకంటే ఆ ముక్క ఆ అబ్బాయికీ తెలియదు. దీనిలో ఉన్న లాభం నోటుపుస్తకాల్లోకి వెళ్లిన తప్పు అందరికీ ఒకేసారి సరవుతుంది. నష్టమల్లా ఆ ఒక్క నిమిషం. వివరణ పేరుతో దాన్ని పది నిమిషాలు చేయకండి. "నేను అనాలనుకున్నది అది కాదు" అనే మాట అసలు వద్దు.

రెండు, తప్పు ఊసెత్తకుండా ఒక లెక్క ఇచ్చి దాని ద్వారా సరిచేయడం. దీనికి మంచి లెక్క ఒకటుంది. గది ఉష్ణోగ్రత దగ్గరున్న హైడ్రోజన్ వాయువుని 12.5 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లతో కొడితే ఏ గీతలు వస్తాయి? గది వేడిమి ఇచ్చే శక్తి 0.025 ప్రాంతం, n = 2కి ఎక్కాలంటే 10.2 కావాలి, కాబట్టి పరమాణువులన్నీ మొదట n = 1లోనే ఉంటాయి. −13.6కి 12.5 కలిపితే −1.1 వస్తుంది. ఆ ఎత్తులో మెట్టు లేదు. పిల్లలు సగం మంది అక్కడే ఆగి "ఏ గీతా రాదు" అని రాస్తారు. కానీ తాకింది ఎలక్ట్రాన్. అది తన శక్తిలోంచి అవసరమైనంత ఇచ్చి మిగతాది తన దగ్గరే ఉంచుకోగలదు. 12.09 ఇచ్చి పరమాణువుని n = 3కి ఎక్కిస్తుంది, మిగిలిన 0.41తో తన దారిన తాను పోతుంది. n = 4కి 12.75 కావాలి, అది చాలదు. అదే 12.5 శక్తి గల ఫోటాన్ అయితే చిల్లర ఉంచుకోవడం దానికి కుదరదు, ఇస్తే మొత్తం ఇవ్వాలి. ఆ శక్తికి మెట్టు లేదు కాబట్టి వాయువులోంచి అలాగే దాటిపోతుంది.

n = 3 నుంచి వచ్చే గీతలు 102.6, 121.6, 656 నానోమీటర్లు. లైమన్‌లో రెండు, బామర్‌లో ఒకటి, మొత్తం మూడు. చూశారా, మళ్లీ మూడే! అయితే ఈ మూడు గుంపు ఇచ్చిన మూడు. n = 3 నుంచి ఒక్క పరమాణువు మహా అయితే రెండే ఇవ్వగలదు. "ఈ మూడూ ఒకే పరమాణువు ఇచ్చిందా?" అని మీరే అడిగితే ఆరోజు ప్రశ్న తనంతట తాను తిరిగి వస్తుంది. ఈ దారిలో మీకు ఇబ్బంది తక్కువ, పాఠం లోతు ఎక్కువ. కానీ ఆరోజు విన్నదాన్ని రాసుకున్న పిల్లలు రెంటినీ కలిపి చూసుకుంటారన్న నమ్మకం లేదు. ప్రశ్నపత్రంలో n = 4 గురించి అడిగినప్పుడు "వాయు నమూనా" అని ఉంటే ఆరు, "ఒక పరమాణువు గరిష్ఠంగా" అని ఉంటే మూడు. ఆ తేడా తెలియక పోయే మార్కులు వాళ్లవి.

మూడు, ఆ అబ్బాయిని స్టాఫ్ రూమ్‌కి పిలిచి వాడితో ఒంటరిగా తేల్చుకోవడం. మీ మనసుకి ఇదే తేలిక అనిపించవచ్చు. వాడికి మాత్రం ముందు భయం వేస్తుంది, ప్రశ్న అడిగినందుకు పిలిచారని మిగతావాళ్లు అనుకుంటారు. రేపటి నుంచి ఎవరూ నోరు విప్పరు. పైగా తప్పు విన్నది క్లాసంతా, సరైనది విన్నది వాడొక్కడూ అవుతుంది.

నన్నడిగితే మొదటిది చేసి, వెంటనే రెండో దాంట్లోని లెక్కని ఇంటిపనిగా ఇస్తాను. ఆ అబ్బాయిని బోర్డు దగ్గరికి పిలవాలా వద్దా అన్నది వాడి స్వభావాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి. హుషారైనవాడైతే నాలుగు దారులూ వాడిచేతే గీయించండి. బిడియస్తుడైతే మీ పొగడ్త కూడా వాడికి శిక్షలాగే ఉంటుంది, వదిలేయండి.

లెక్కచేస్తారా అన్న అనుమానానికి నా దగ్గర హామీ ఏమీ లేదు. కొందరు నెల రోజులు "మూడే మేడం" అని పేరు పెట్టి పిలుచుకుంటారు కూడా. నాకు "నిచ్చెన సార్" అని ఉండేది. ఏడాది తిరిగేసరికి ఆ బ్యాచ్ వెళ్లిపోయింది, స్కేలుతో గీసే అలవాటు నాకు మిగిలింది.

ల్యాబ్ మాత్రం మళ్లీ ఒకసారి పెట్టండి. కిటికీలకి నల్ల గుడ్డ కట్టించి, చీలికని సన్నగా చేసి, పిల్లల్ని పది నిమిషాలు చీకట్లో కూర్చోబెట్టాక ట్యూబ్ వెలిగించండి. దానికిచ్చేది వేల వోల్టులు, దగ్గరికి చేతులు పోనివ్వకండి. అదేపనిగా వెలిగిస్తే వేడెక్కి పాడవుతుంది, అర నిమిషం వెలిగించి అర నిమిషం ఆపండి. చీలికని ఒకసారి తిప్పి చూపించండి, గీతలన్నీ దానితోపాటే తిరుగుతాయి. మనం గీత అంటున్నది ఆ చీలిక రూపమేనని, గుండ్రటి రంధ్రం పెడితే రంగు చుక్కలు కనబడేవని అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. తర్వాత దూరదర్శినిని 14 డిగ్రీల దగ్గర నిలిపి ఒక్కొక్కరినీ చూడమనండి. మీకు ఏమీ కనబడకపోయినా కంగారు పడకండి. వయసుతో కంటి కటకం పసుపెక్కి ఊదా కాంతిని ఆపేస్తుంది, నాకైతే రిటైరయ్యే నాటికి ఆ గీత అసలు కనబడేది కాదు. పదిహేడేళ్ల కళ్లకి ఆ గొడవ లేదు. నాలుగోది ముందుగా ఆ అబ్బాయికే దొరకవచ్చు. దొరికితే కోణం వాడిచేతే చదివించి, వాడు చెప్పిన అంకెనే బోర్డు మీద రాయండి.